‘కడిగారా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పని ఇల్లు

పాల ప్యాకెట్ గుమ్మం దాటి గిన్నెలో పడడానికి ఆ ఫ్లాట్‌లో పావుగంట పడుతుంది. తలుపుకు తగిలించిన సంచిలోంచి భర్త ప్యాకెట్ తీసి నేరుగా సింకులో వేస్తాడు. ప్యాకెట్ ముట్టుకున్న చేత్తో కుళాయి తిప్పకూడదు కనుక అత్తగారు వచ్చి తిప్పుతుంది. గిన్నెలు తోమే సబ్బుతో ఒకసారి, చేతులు కడిగే సబ్బుతో ఇంకోసారి ప్యాకెట్ కడుగుతారు. కత్తెర కూడా కడిగి, అప్పుడు ఇల్లాలు మూల కత్తిరిస్తుంది. పోసేటప్పుడు ప్యాకెట్ అంచు గిన్నెకు తగిలిందేమోనని అనుమానం వస్తే ఆ పాలు పారబోయాల్సిందే.

“ఏవండీ, రెండుసార్లూ కడిగారు కదా?”

“కడిగాను.”

“సరిగ్గా చూశారా?”

“చూశాను.”

రెండు నిమిషాలు గడవకముందే మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు.

విజయవాడలోని ఓ మధ్యతరగతి ఇల్లు అనుకోండి. ఆమెకు 34 ఏళ్లు. భర్త ఉద్యోగి, కొడుకు అయిదో తరగతి, అత్తగారు వాళ్లతోనే ఉంటుంది. ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే ఓసీడీకి చికిత్స జరిగే చోట పదేపదే కనిపించే తీరును ఒక ఇంట్లో కూర్చి చెబుతున్నాం. జబ్బు ఆమెది ఒక్కదానిదే అయినా దాని పనులు నలుగురూ చేస్తున్నారన్నది ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. చికిత్స కూడా ఆ నలుగురితోనే సాగాలి.

ఓసీడీలో రెండు భాగాలుంటాయి. ఒకటి, వద్దన్నా బుర్రలోకి దూరి వదలని ఆలోచన. ‘ప్యాకెట్ మీద ఎవరి చేతి మురికో ఉంది, అది పిల్లాడి కడుపులోకి పోతుంది’ అన్నది అలాంటిదే. రెండోది, ఆ ఆలోచన పుట్టించే భయం తగ్గడానికి చేయక తప్పదనిపించే పని. కడగడం, మళ్లీ చూడడం, లెక్కపెట్టడం, అడగడం, మనసులో ఏదో జపించడం, ఏదైనా కావచ్చు. నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మన దేశంలో పెద్దవాళ్లలో సుమారు 0.8 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేల్చింది.

మన ఇళ్లలో దీన్ని చాలా ఏళ్లపాటు ఎవరూ జబ్బనుకోరు. చాదస్తం అంటారు, అతిశుభ్రం అంటారు, మడి ఎక్కువంటారు. మడి కట్టుకునే పెద్దావిడకూ ఈమెకూ తేడా ఉంది. పెద్దావిడ మడి వంటతో, పూజతో ముగుస్తుంది. అది ఆమెకు తృప్తినిస్తుంది, ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు. ఈమెకు ఎంత కడిగినా ‘అయిపోయింది’ అన్న భావన రాదు. చేతులు పగిలి మండుతున్నా ఆపలేదు. ఇది అతి అని తనకే తెలుసు, అందుకే సిగ్గు. రోజుకు గంటకు మించి ఇలాంటి పనులకే పోతున్నా, వాటివల్ల బతుకు కుంటుపడుతున్నా డాక్టర్లు ఓసీడీని అనుమానిస్తారు. ఆమెకు రోజుకు ఐదారు గంటలు పోతున్నాయి.

కడిగిన వెంటనే భయం తగ్గుతుంది. చిక్కంతా అక్కడే. భయం తగ్గింది కాబట్టి ‘కడిగాను కనుకే గండం తప్పింది’ అని మనసు రాసిపెట్టుకుంటుంది. కడగకపోతే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం దానికి ఎప్పుడూ రాదు. తర్వాతిసారి భయం ఇంకొంచెం ముందే వస్తుంది, ఇంకొంచెం ఎక్కువ కడగమంటుంది. దురద ఉన్నచోట గోకితే కలిగే సుఖం లాంటిదే ఇది, పుండు పెరుగుతూనే ఉంటుంది.

ఈ ముడిని విప్పే పద్ధతికి లండన్‌లోని మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో పునాది పడింది. అక్కడి సైకాలజిస్టు విక్టర్ మేయర్ 1966లో ఇద్దరు రోగుల చికిత్స గురించి ఒక వ్యాసం రాశారు. వారిలో ఒకామెకు కడుగుడు జబ్బు. ఆమె గదిలో కుళాయిలకు నీళ్లు ఆపేశారు. నర్సులు పక్కనే ఉండి, ఆమె భయపడే వస్తువులను ముట్టుకోనిచ్చి, కడుక్కోనివ్వకుండా చూశారు. అంతదాకా మొండి జబ్బుగా పేరుపడినది లొంగడం మొదలైంది. తర్వాత లండన్‌లోని మాడ్స్‌లీ హాస్పిటల్‌లోనూ, అమెరికాలో ఎడ్నా ఫోవా బృందంలోనూ ఈ పద్ధతి మెరుగుపడింది. దీని పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, క్లుప్తంగా ఈఆర్‌పీ. భయపెట్టేదాని ఎదుటికి కావాలని వెళ్లడం మొదటి సగం. వెళ్లాక, భయం తగ్గించుకోవడానికి అలవాటుగా చేసే పని చేయకుండా ఉండడం రెండో సగం. ఇప్పుడు నీళ్లు ఆపేయడం, కాపలా పెట్టడం లేవు. రోగి ఒప్పుకున్నదే, ఒప్పుకున్నంతే చేయిస్తారు.

చాలామంది మొదటి సగం మాత్రమే విని ‘అదెంత పని’ అనుకుంటారు. నిజానికి ఆమె రోజూ ప్యాకెట్ ముట్టుకుంటూనే ఉంది కదా. ముట్టుకుని కడిగేస్తోంది కనుకే ఆ ముట్టుకోవడం ఇన్నేళ్లుగా ఏమీ నేర్పలేదు.

మొదటి రెండు వారాలు సైకాలజిస్టు ఆమెతో ఏమీ చేయించదు, రాయిస్తుంది అంతే. ఎప్పుడు భయం వేసింది, ఏ ఆలోచన వచ్చింది, ఏం చేశారు, ఎంతసేపు చేశారు అని ఒక నోటుబుక్కులో ఆమె రాసుకుంటుంది. జబ్బు తీవ్రతను కొలవడానికి యేల్-బ్రౌన్ అనే ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 16 నుంచి 23 దాకా మధ్యరకం, 24 నుంచి 31 దాకా తీవ్రం. ఆమెకు 28 వచ్చాయి.

తర్వాత పట్టిక. భయం ఏమాత్రం లేకపోతే సున్నా, ఇంతకు మించిన భయం ఉండదనుకుంటే 100. ఒక్కో పనికి ‘ఇది చేసి, కడుక్కోకుండా ఉంటే’ ఎంత భయం వేస్తుందో ఆమే అంకె వేయాలి. అడగాల్సింది ‘ఇది చేస్తే ఎంత భయం’ అని కాదు, ‘చేసి కడుక్కోకపోతే ఎంత’ అని. ఈ చిన్న మాట మరిచిపోతే అంకెలన్నీ తప్పుతాయి. నోట్లు ముట్టుకోవడానికి ఆమె మొదట 15 వేసింది, ఎందుకంటే వెంటనే కడుక్కుంటానన్న ధైర్యం ఉంది. కడుక్కోకూడదు అనగానే అది 50 అయింది.

రెండు సిట్టింగుల్లో తయారైన పట్టికలో అడుగున ఉన్నది భర్త ఆఫీసు నుంచి వచ్చి పట్టుకున్న టీవీ రిమోట్, 30. పాల ప్యాకెట్‌ను ఒక్కసారి మామూలు నీళ్లతో కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం 40. కూరగాయల బండివాడు ఇచ్చిన చిల్లర నోట్లు చేత్తో పట్టుకుని, అదే చెయ్యి చీరకు, జుట్టుకు రాసుకోవడం 50. భర్త స్నానం చేయకుండా సోఫాలో కూర్చోవడం 60. కొడుకు స్కూలు బ్యాగు మంచం మీద పెట్టడం 70. ఆర్టీసీ బస్సులో వెళ్లొచ్చి అదే చీరతో మంచం మీద కూర్చోవడం 80. హాస్పిటల్ ఓపీ హాల్లో అరగంట కూర్చుని, ఇంటికొచ్చి స్నానం చేయకుండా పక్కబట్టలు ముట్టుకోవడం 95.

మంచి పట్టికకు ఒక గుర్తుంది. మెట్ల మధ్య దూరం మరీ ఎక్కువ ఉండకూడదు. 50 నుంచి ఒక్కసారిగా 80కి దూకాల్సి వస్తే మధ్యలో పని చేసే కొత్త మెట్టు వెతకాలి. ఇక్కడ నోట్లకూ సోఫాకూ మధ్య ఆమె ఆగిపోయినప్పుడు, భర్త ఆఫీసు చొక్కాతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం, ఆ తర్వాత అదే కుర్చీలో ఆమె కూర్చోవడం అనే మెట్టు చేర్చారు. పట్టికలో అన్నీ ఇరుగుపొరుగు రోజూ చేసే పనులే ఉండాలి. మురుగునీళ్లు ముట్టుకోమనడం చికిత్స కాదు. వంట ముందు, భోజనం ముందు, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కోవడం అందరికీ అవసరమే కనుక ఆమెకూ ఉంది. రోజుకు ఒక స్నానం, పది నిమిషాలు. ఈ హద్దులు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు.

మొదటి రోజు రిమోట్. ముట్టుకునే ముందు ఆమె చేత ఒక వాక్యం రాయించారు: ‘రిమోట్ ముట్టుకుని చేతులు కడగకపోతే రేపటిలోగా బాబుకు వాంతులవుతాయి.’ ఏం జరుగుతుందని మనసు బెదిరిస్తోందో ముందే స్పష్టంగా రాసి ఉంటే, తర్వాత అది నిజమైందో లేదో తేల్చడం తేలిక. రిమోట్ రెండు చేతులతో పట్టుకుంది. భయం 45, తాను వేసుకున్న అంకె కంటే ఎక్కువ. సైకాలజిస్టు ఆ చేతులు బుగ్గలకు, పైటకు, కొడుకు దిండుకు రాయమంది. ఇది వేధింపులా కనిపించవచ్చు. కానీ చేతులు మాత్రమే ‘మైల’ అయితే మనసు వాటిని వేరుపెట్టి, ఇంట్లో ఇంకా శుభ్రమైన చోటు మిగిలిందని ధైర్యం తెచ్చుకుంటుంది. ఆ చోటు మిగలకూడదు. పది నిమిషాలకు 50. ఇరవైకి 45. నలభై నిమిషాలకు 25. మర్నాడు మళ్లీ రిమోటే. ఈసారి 35 దగ్గర మొదలై తొందరగానే దిగింది. బాబుకు వాంతులు కాలేదు. ఆ వాక్యం పక్కన ఆమే తన చేత్తో ‘జరగలేదు’ అని రాసింది.

ఒకప్పుడు భయం సగానికి తగ్గేదాకా కూర్చోబెట్టడమే లక్ష్యంగా ఉండేది. కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకుల పని తర్వాత దృష్టి మారింది. ఆ గంటలో భయం తగ్గినా తగ్గకపోయినా, ‘అనుకున్న గండం రాలేదు, వచ్చిన భయాన్ని నేను మోయగలిగాను’ అన్న పాఠం పడితే చాలంటున్నారు. అందుకే ఒక మెట్టును ఒకేచోట, ఒకే వేళ చేయించరు. రిమోట్ అయ్యాక లిఫ్టు బటను, పక్కింటి కాలింగ్ బెల్లు. సైకాలజిస్టు ఎదుట ఒకసారి, ఒంటరిగా మూడుసార్లు. వారానికి ఒక సిట్టింగు అయితే మిగతా ఆరు రోజులూ ఇంట్లో రోజుకు గంట సాధన ఉంటుంది, అసలు పని జరిగేది ఆ ఆరు రోజుల్లోనే.

తట్టుకోలేక కడిగేసుకుంటే? అది తరచుగా జరుగుతుంది. తిట్టుకోవాల్సిన పని లేదు. వెంటనే ఆ వస్తువును మళ్లీ ముట్టుకోవాలి. కడుగుడు ఇచ్చిన ఊరటను అక్కడికక్కడే రద్దు చేయడమన్నమాట.

మూడో వారంలో ఒక వింత జరిగింది. నోట్ల మెట్టు 50 అనుకుంటే రెండు నిమిషాల్లో 10కి పడిపోయింది. ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు కానీ సైకాలజిస్టుకు అనుమానం వచ్చింది. భయం అంత తొందరగా దిగిందంటే సాధారణంగా లోపల ఏదో పని నడుస్తున్నట్టే. అడిగితే తెలిసింది, నోట్లు పట్టుకున్నంతసేపూ ఆమె మనసులో ఇష్టదైవం నామం సరిగ్గా పదకొండుసార్లు చెప్పుకుంటోంది. తప్పు పోతే మళ్లీ మొదటినుంచి. చేతులతో కడగడం ఆగింది, మనసుతో కడగడం మొదలైంది. భక్తికి ఎవరూ అడ్డు చెప్పరు. పొద్దున దీపం దగ్గర చెప్పుకునే నామం వేరు, భయాన్ని దించడానికి లెక్కపెట్టి చెప్పుకునే నామం వేరు. రెండోదాన్ని ఆపడానికి, నోట్లు పట్టుకుని ‘వీటి మీద మురికి ఉండొచ్చు, నాకు తెలియదు’ అని పైకి అనడం నేర్చుకుంది. ఇలాంటి దొంగదారులు ఇంకా చాలా ఉంటాయి. చీర కుచ్చిళ్లకు చేతులు తుడుచుకోవడం, సాయంత్రం స్నానంలో మొత్తం కడిగేస్తానని వాయిదా వేసుకోవడం, సైకాలజిస్టు ముఖం చూసి ‘ప్రమాదమైతే ఈవిడ చేయించదు కదా’ అని ధైర్యం తెచ్చుకోవడం. ఆ చివరిది పట్టుకోవడం చాలా కష్టం.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి.

నాలుగో సిట్టింగుకు భర్తను, అత్తగారిని పిలిచి, ఆమె జబ్బు కోసం వారం రోజుల్లో వాళ్లు చేసే పనులన్నీ రాయమన్నారు. భర్త రెండు మూడు అనుకున్నాడు. రాస్తే కాగితం నిండింది. ఆఫీసు నుంచి రాగానే ఎవరినీ ముట్టుకోకుండా స్నానాలగదికి వెళ్లడం. విడిచిన బట్టలకు వేరే బకెట్టు. చేతిసబ్బు సీసాలు అరడజను చొప్పున కొనడం. నీళ్లు అయిపోతే ట్యాంకరుకు డబ్బు కట్టడం. ‘కడిగారా’ అన్న ప్రశ్నకు రోజుకు లెక్కలేనన్నిసార్లు జవాబు చెప్పడం. బంధువులు వస్తామంటే ఏదో సాకు చెప్పడం. పిల్లాణ్ని కింద ఆడుకోనివ్వకపోవడం. అత్తగారు బీపీ చూపించుకోవడానికి హాస్పిటల్‌కు వెళ్లి ఎనిమిది నెలలైందని ఆ కాగితం రాస్తున్నప్పుడే బయటపడింది. వెళ్లొస్తే కోడలు తట్టుకోలేదని ఆమె మానేసింది.

దీన్ని ఫ్యామిలీ అకామొడేషన్ అంటారు, జబ్బుకు ఇల్లు సర్దుకుపోవడం. 1990లలో అమెరికాలో లీసా కాల్వోకొరెస్సీ బృందం దీన్ని కొలవడానికి ప్రత్యేకంగా ఒక స్కేలు తయారు చేసింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో తేలిన సంగతి ఏమిటంటే, ఓసీడీ ఉన్న ఇళ్లలో అత్యధిక భాగం ఏదో ఒక రూపంలో ఇలా సర్దుకుపోతాయి. సర్దుబాటు ఎక్కువగా ఉన్నచోట జబ్బు తీవ్రత కూడా ఎక్కువగా ఉంటుంది, చికిత్స ఫలితం తగ్గుతుంది. వాళ్లు చేస్తున్నది ప్రేమతోనే, గొడవ తప్పించుకోవడానికే. కానీ భర్త ‘కడిగాను’ అన్న ప్రతిసారీ, ఆమె కడిగినప్పుడు జరిగేదే జరుగుతోంది. భయం కాసేపు దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆమె చేతులు ఆగినా ఆయన నోరు ఆగకపోతే చికిత్సలో రెండో సగం జరగనట్టే.

అలాగని రేపటినుంచి అన్నీ బంద్ అనకూడదు. కుటుంబాలు ఎక్కువగా బోర్లా పడేది ఇక్కడే. ఇన్నాళ్లూ అన్నీ చేసి, ఒకరోజు విసిగి ‘ఇక నావల్ల కాదు, నీ పిచ్చి నువ్వే పడు’ అంటారు. ఆమె ఏడుస్తుంది, రెండు రోజులు అన్నం మానేస్తుంది, మూడో రోజు పశ్చాత్తాపంతో మళ్లీ అన్నీ మొదలుపెడతారు. దాంతో జబ్బుకు తెలిసేది ఒక్కటే, ఎంత ఎక్కువ గొడవ చేస్తే అంత తొందరగా లొంగుతారని. ముందు ససేమిరా అని తర్వాత లొంగడం కంటే మొదటే సర్దుకుపోవడం నయం.

ఈ ఇంట్లో చేసిన ఏర్పాటు ఇది. భర్త వెనక్కి తగ్గడం కూడా ఆమె పట్టిక వెంబడే నడవాలి. ఆమె రిమోట్, పాల ప్యాకెట్ మెట్లు దాటాక, ఆ రెండింటి గురించిన ప్రశ్నలకు మాత్రం ఆయన జవాబు చెప్పడు. స్నానం, బకెట్టు, మిగతావన్నీ ప్రస్తుతానికి మామూలే. ఈ సంగతి ఆమెకు ముందే, అందరూ ప్రశాంతంగా ఉన్న ఆదివారం పొద్దున చెప్పారు. ఏ రోజు నుంచి మొదలో చెప్పారు. ప్రశ్న వచ్చినప్పుడు ఆయన అనాల్సిన మాట కూడా ముగ్గురూ కూర్చుని రాసుకున్నారు: “నీకిప్పుడు భయంగా ఉందని నాకు తెలుసు. నువ్వు తట్టుకోగలవనీ తెలుసు. అందుకే దీనికి జవాబు చెప్పను.” ఇందులో మూడూ ఉండాలి. భయాన్ని ఒప్పుకోకపోతే కఠినంగా ఉంటుంది. తట్టుకోగలవన్న మాట లేకపోతే జాలి మిగులుతుంది. చివరిది లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. యేల్ చైల్డ్ స్టడీ సెంటర్‌లో ఎలీ లెబోవిట్జ్ ఆందోళన, ఓసీడీ ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం రూపొందించిన ‘స్పేస్’ అనే పద్ధతికి మూలం కూడా ఇదే. పిల్లాణ్ని మార్చే ప్రయత్నం చేయరు, తల్లిదండ్రులు తాము చేసేదాన్ని మార్చుకుంటారు. రోగి చికిత్సకు రానని మొండికేసిన ఇళ్లలో ఇది పెద్ద ఆసరా.

మొదటి నాలుగు రోజులు ప్రశ్నలు తగ్గలేదు, పెరిగాయి. ఇది అనుకున్నదే. ఇన్నాళ్లూ పనిచేసిన మీట పనిచేయకపోతే ఎవరైనా మొదట గట్టిగానే నొక్కుతారు. రెండో రాత్రి పదకొండుకు ఆమె, “ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెప్పండి, ఇంకెప్పుడూ అడగను” అని చేతులు పట్టుకుంది. ఆయన నోరు జారి “కడిగానులే” అన్నాడు. మర్నాడు ఫోను చేసి చెబితే సైకాలజిస్టు పెద్దగా పట్టించుకోలేదు. ఈ రోజు నుంచి మళ్లీ అదే మాట అనండి అంది, అంతే. అత్తగారితో ఇంకో చిక్కు వచ్చింది. కోడలు కుళాయి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ “ఎందుకమ్మా కడుగుతున్నావు, ఇప్పుడే కడిగావుగా” అని కాపలా కాయడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లు జబ్బుకు చేసే సేవ మానుకోవాలి, అంతవరకే. పోలీసు పని వాళ్లది కాదు. చేతులు ఎన్నిసార్లు కడిగిందన్న లెక్క ఆమె నోటుబుక్కులోది, అత్తగారిది కాదు. అందుకు బదులుగా అత్తగారికి ఒక పని అప్పగించారు. ఎనిమిది నెలలుగా ఆగిన బీపీ చెకప్‌కు తానే వెళ్లి రావాలి, వచ్చాక స్నానం చేయకూడదు. పట్టికలో పై మెట్టు కనుక అది పదకొండో వారానికి పెట్టారు. కాళ్లు కడుక్కుని లోపలికి రావడం మాత్రం ఉంచారు. అది ఆ వీధిలో అందరూ చేసేదే.

రెండో వారం చివరికి పాల ప్యాకెట్ గురించిన ప్రశ్నలు రోజుకు రెండు మూడుకు దిగాయి. అయిదో వారంలో భర్త సాయంత్రం స్నానం మానేసి, ఆఫీసు చొక్కాతో సోఫాలో కూర్చున్నాడు. ఆ మెట్టు ఆమెకు పది రోజులు పట్టింది. స్కూలు బ్యాగు మెట్టు అనుకున్నదానికంటే సులువుగా గడిచింది. అంకెలు ఎప్పుడూ వరుసగా రావు. నాలుగు నెలలు తిరిగేసరికి యేల్-బ్రౌన్ మార్కులు 28 నుంచి 13కు వచ్చాయి. మార్కులు 35 శాతం తగ్గితే చికిత్స పనిచేసినట్టే లెక్క. 13 అంటే జబ్బు పోలేదు, తేలికరకంలోకి దిగింది. హాస్పిటల్ హాల్ మెట్టు ఇప్పటికీ 40 దగ్గర మొదలవుతుంది.

అందరికీ ఇలాగే జరగదు. ఈఆర్‌పీ చివరిదాకా చేసినవాళ్లలో సగానికి పైగా చెప్పుకోదగ్గ మేలు పొందుతారు. కానీ మొదలుపెట్టడానికే భయపడేవాళ్లు, మధ్యలో వదిలేసేవాళ్లు తక్కువేమీ కాదు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఫ్లూవోక్సమిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సెటిన్ వంటి మందులు కూడా ఇస్తారు. ఓసీడీకి ఇవి డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదులో అవసరం కావచ్చు, ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మూడో వారంలో ‘పనిచేయలేదు’ అని మానేయడం మనవాళ్లలో మామూలు. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నా, చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నా ముందు వాటి సంగతి చూడాలి, ఆ తర్వాతే మెట్లు. మార్కులు తగ్గినా ఒత్తిడి వేళల్లో, పరీక్షలప్పుడు, కాన్పు తర్వాత జబ్బు తిరిగి తల ఎత్తవచ్చు. అప్పుడు పాత పట్టిక తీసి ఏ మెట్టు దగ్గర జారిందో చూసి, అక్కడినుంచి మళ్లీ మొదలుపెడతారు. ఇంట్లోవాళ్లు గమనించాల్సిన తొలి సూచన కడుగుడు కాదు, ప్రశ్నలు. ‘కడిగారా’ మళ్లీ వినపడడం మొదలైందంటే సైకాలజిస్టుకు ఫోను చేయాల్సిన వేళ.

ఇది పత్రికలో చదివి ఇంట్లో ఎవరిమీదా బలవంతంగా ప్రయోగించకండి. ఆమె ఒప్పుకోలు లేకుండా సోఫాలో బురద చొక్కాతో కూర్చోవడం చికిత్స కాదు, కక్షసాధింపు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. దగ్గర్లో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు ఎక్కడున్నారో వాళ్లు చెబుతారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లిన మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగండి. మీరు ఈఆర్‌పీ చేస్తారా? పట్టిక నాతోనే వేయిస్తారా? మా ఇంట్లోవాళ్లను ఎన్నో సిట్టింగులో పిలుస్తారు? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని వెతుక్కోండి.